మెగ్‌సల్ఫ్ రెండో డోసు వేసే ముందు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం లాంటి చోట్ల లేబర్ రూములో కొత్తగా చేరిన స్టాఫ్ నర్సులు మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు బాగానే చదువుకుని వస్తారు. తడబడేది రెండో డోసు దగ్గర.

ఒక కేసు అనుకుందాం. పుంగనూరులో 34 వారాల తొలిచూలు. బీపీ 160/110, మూత్రంలో ప్రోటీన్ రెండు ప్లస్సులు, తలనొప్పి, కళ్ల ముందు మసకలు. 20 వారాలు దాటాక నాలుగు గంటల తేడాతో రెండుసార్లు బీపీ 140/90 లేదా అంతకంటే ఎక్కువ ఉండి, ప్రోటీన్ కూడా పోతుంటే ప్రీఎక్లాంప్సియా. ఈమెది తీవ్రమైనది, కాబట్టి నాలుగు గంటలు ఆగకూడదు. ప్రోటీన్ లేకున్నా ప్లేట్‌లెట్లు లక్షలోపు పడితే అదే జబ్బు. కాళ్లవాపు లేదన్న ధీమాతో మాత్రం ఎవరినీ ఇంటికి పంపకండి.

రాత్రి 8 గంటలకు ఒక్కో పిరుదులో 5 గ్రాములు లోతుగా వేసి మదనపల్లెకు పంపారు. 50 శాతం మందు 2 మి.లీ. ఆంప్యూల్‌లో ఒక గ్రాము ఉంటుంది, అంటే మొత్తం పది ఆంప్యూల్స్. రిఫరల్ చీటీలో మందు పేరొక్కటే ఉండి డోసు, టైము లేకపోతే వెంటనే ఫోన్ చేసి అడగండి. లేదంటే ఇక్కడ మళ్లీ 14 గ్రాముల పూర్తి లోడింగ్ పడిపోతుంది. ఈమెకు డాక్టరు నరానికి 4 గ్రాములు మాత్రమే నెమ్మదిగా ఇప్పించారు. బీపీకి లాబెటలాల్ వేరుగా పెట్టారు, ఎందుకంటే మెగ్నీషియం ఫిట్స్‌ను ఆపే మందే గానీ బీపీ మందు కాదు.

తర్వాతి 5 గ్రాములు 12 గంటలకు. వేసే ముందు మూడు చూడాలి: మోకాలి రిఫ్లెక్స్ ఉందా, శ్వాస నిమిషానికి 16కు తగ్గలేదా, మూత్రం గంటకు కనీసం 30 మి.లీ. వస్తోందా. ఈమెకు శ్వాస 17 ఉంది. కానీ బ్యాగులో నాలుగు గంటలకు 70 మి.లీ.యే, కావలసింది 120. మోకాలిపై తట్టితే కాలు కదల్లేదు.

డోసు ఆపేయాలి. మెగ్నీషియం బయటికి పోయేది కిడ్నీల ద్వారానే, మూత్రం తగ్గితే అది రక్తంలో పేరుకుంటుంది. ముందు పోయేది రిఫ్లెక్స్, ఆ తర్వాత శ్వాస, చివరికి గుండె. అందుకే శ్వాస బాగుందన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. కాథెటర్ మడత పడిందేమో చూసి, డాక్టరును పిలిచి, 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మి.లీ. సిరంజిలోకి తీసి పక్కన పెట్టుకోండి. శ్వాస 12 కంటే దిగితే ఆక్సిజన్ పెట్టి, ఆ కాల్షియం నరానికి సుమారు పది నిమిషాల్లో నెమ్మదిగా ఇవ్వాలి. అంబు బ్యాగ్ చేతికందేలా ఉండాలి.

ఆక్సిజన్ పెట్టాక పల్స్ ఆక్సీమీటర్‌లో 98 కనబడుతున్నా శ్వాస మందగించి ఉండవచ్చు. ఛాతీని చూస్తూ పూర్తి నిమిషం లెక్కపెట్టండి. స్పైనల్ ఇచ్చిన సిజేరియన్ కేసులో మోకాలు ఎలాగూ స్పందించదు, అప్పుడు మోచేతి దగ్గర బైసెప్స్ రిఫ్లెక్స్ చూడాలి.

కాన్పయ్యాక, లేదా చివరి ఫిట్ తర్వాత, ఏది ఆలస్యమైతే దాని నుంచి 24 గంటలదాకా మందు నడుస్తుంది. ఈలోపు డ్యూటీలు మారతాయి. కేస్‌షీట్‌లో గడి ఖాళీగా వదిలేస్తే, మరిచిపోయారనుకుని వచ్చే నర్సు ఆ డోసు వేసేస్తుంది. అందుకే అక్కడే రాయండి: 'రాత్రి 12 డోసు ఇవ్వలేదు. మోకాలి రిఫ్లెక్స్ లేదు, మూత్రం 70 మి.లీ., డాక్టరుకు చెప్పాం.'