ఇంధన కడ్డీ నడిమధ్య ఎంత వేడి? లెక్క బయటి నుంచి మొదలుపెట్టండి

మెకానికల్, కెమికల్ ఇంజినీరింగ్ చదివి అణుశక్తి రంగం వైపు చూస్తున్నవారు హీట్ ట్రాన్స్‌ఫర్‌లో ఒక్క లెక్కనైనా అడుగు దాకా తవ్వి చూడాలనుకుంటే, అది ఇంధన కడ్డీ లెక్కే కావాలి. కడ్డీ లోపల యురేనియం డయాక్సైడ్ పెల్లెట్లు ఉంటాయి. వాటి చుట్టూ సన్నని హీలియం పొర, దానిపైన జిర్కోనియం మిశ్రమలోహపు గొట్టం, బయట ప్రవహించే నీరు. వేడి పెల్లెట్‌లోనే పుడుతుంది, నీటిలోకి పోతుంది. పెల్లెట్ నడిమధ్య ఉష్ణోగ్రత ఎంతన్నదే ప్రశ్న. చాలామంది నాలుగు పొరలనూ కలిపిన ఒక పొడవాటి సూత్రాన్ని బట్టీపట్టి పరీక్ష గట్టెక్కుతారు. బార్క్ శిక్షణ పాఠశాల ఎంపికలో గేట్ స్కోరుతోనో రాతపరీక్షతోనో పని అయిపోదు, ఆ తర్వాత ఇంటర్వ్యూ ఉంటుంది. అక్కడ ప్రశ్నను కాస్త పక్కకు జరిపితే బట్టీపట్టిన సూత్రం చేతికి రాదు. ఈ లెక్కను పొర పొరగా కట్టుకుంటూ వెళ్లి, ఏ పొర దగ్గర వాడిన అంకె ఎంత నమ్మదగినదో చెప్పగలిగినప్పుడే అది వచ్చినట్టు. ఎందుకలా అంటున్నానో ఒక కడ్డీని తీసుకుని చూద్దాం.

ప్రెషరైజ్డ్ వాటర్ రియాక్టర్‌లో వాడే రకం కడ్డీ అనుకుందాం. పెల్లెట్ వ్యాసార్ధం 4.10 మిల్లీమీటర్లు, క్లాడింగ్ లోపలి వ్యాసార్ధం 4.18, బయటి వ్యాసార్ధం 4.75. మీటరు పొడవుకు పుట్టే వేడి 20 కిలోవాట్లు. నీటి ఉష్ణోగ్రత 300 డిగ్రీల సెల్సియస్. మనకు కచ్చితంగా తెలిసిన ఉష్ణోగ్రత నీటిదొక్కటే కాబట్టి అక్కడే మొదలుపెట్టి లోపలికి నడవాలి. ప్రతి పొర దగ్గరా ఎన్ని డిగ్రీలు పెరిగిందో కూడుకుంటూ పోతే చాలు. నీటి వైపు హీట్ ట్రాన్స్‌ఫర్ కోఎఫిషెంట్ 35,000, క్లాడింగ్ కండక్టివిటీ 16, గ్యాప్ కండక్టెన్స్ 6,000, పెల్లెట్ కండక్టివిటీ 3 అని తీసుకుందాం, అన్నీ ఎస్‌ఐ యూనిట్లలోనే.

```
నీటి పొర :  q'/(2π·r_co·h)             =  19 °C
క్లాడింగ్ :  q'·ln(r_co/r_ci)/(2π·k_c)  =  25 °C
గ్యాప్   :  q'/(2π·r_f·h_g)            = 129 °C
పెల్లెట్  :  q'/(4π·k_f)                = 531 °C
```

మొత్తం 704. నీటి 300 కలిపితే నడిమధ్య 1,004 డిగ్రీలు. యురేనియం డయాక్సైడ్ కరిగేది సుమారు 2,850 డిగ్రీల దగ్గర కాబట్టి ఇంకా చాలా ఎడం ఉంది. నాలుగు వరుసల్లోనూ q' ఒక్కటే ఉండటం గమనించండి. స్థిరంగా నడుస్తున్న కడ్డీలో మీటరు పొడవుకు బయటికి పోయే వేడి ఏ పొర దగ్గరైనా ఒకటే. మారేది హీట్ ఫ్లక్స్, అంటే చదరపు మీటరుకు లెక్క. పెల్లెట్ అంచు దాకా లోపలికి పోయేకొద్దీ చుట్టుకొలత తగ్గుతుంది కనుక ఫ్లక్స్ పెరుగుతుంది. క్లాడింగ్ బయటి తలం దగ్గర ఫ్లక్స్ లెక్కగట్టి, దాన్నే గ్యాప్‌కూ వాడేసేవాళ్లకు 129 బదులు 112 వస్తుంది. తేడా చిన్నదే, కానీ ఏది మారదో ఏది మారుతుందో తెలియలేదని అది పట్టిచ్చేస్తుంది.

దీనికన్నా ప్రమాదకరమైన తప్పు ఇంకొకటి ఉంది. పాఠ్యపుస్తకాల్లో పెల్లెట్ సూత్రం సాధారణంగా ఘనపరిమాణానికి పుట్టే వేడి రూపంలో, `q'''·R²/(4k)` అని కనిపిస్తుంది. ప్రశ్నలో వ్యాసం ఇస్తారు, తొందరలో దాన్నే R స్థానంలో పెట్టేస్తారు. వర్గం కాబట్టి సమాధానం నాలుగింతలవుతుంది. 531 కాస్తా 2,122 అయి, నడిమధ్య 2,596 డిగ్రీలకు చేరుతుంది. కరిగే ఉష్ణోగ్రతకు లోపలే ఉంది కదా, అణు ఇంధనం అంటే అంత వేడి ఉంటుందిలే అని విద్యార్థి ముందుకు పోతాడు. పట్టుకోవడానికి తేలిక మార్గం `q'/(4πk)`తో సరిచూసుకోవడమే. దానిలో వ్యాసార్ధమే లేదు కాబట్టి ఆ పొరపాటుకు చోటే లేదు.

వ్యాసార్ధం ఎటు పోయిందన్నది మంచి ఇంటర్వ్యూ ప్రశ్న. కడ్డీని లావు చేస్తే వేడి నడవాల్సిన దూరం పెరుగుతుంది, అయితే మీటరుకు పుట్టే వేడిని మార్చకుండా ఉంచితే అదే వేడి ఎక్కువ ఘనపరిమాణంలో పలచబడుతుంది. ఒకదానికొకటి సరిగ్గా చెల్లిపోతాయి. కాబట్టి పెల్లెట్ లోపలి పెరుగుదలను తేల్చేది మీటరుకు ఎన్ని కిలోవాట్లు అన్నదే, ఎంత లావు అన్నది కాదు. ఈ ఒక్క మాట అర్థమైతే మన ప్రెషరైజ్డ్ హెవీ వాటర్ రియాక్టర్ల ఇంధన కట్టలను చూసే చూపే మారుతుంది. 220 మెగావాట్ల రియాక్టర్లలో ఒక్కో కట్టకు 19 కడ్డీలుంటాయి. 540, 700 మెగావాట్ల వాటికి వచ్చేసరికి కట్ట లావైంది, కడ్డీలు మాత్రం ఇంకా సన్నబడి సంఖ్య 37కు పెరిగింది. కట్ట మొత్తం ఇచ్చే వేడి పెరిగినా దాన్ని ఎక్కువ కడ్డీలకు పంచితే ఒక్కో కడ్డీ మీటరుకు మోసేది అదుపులో ఉంటుంది, కాబట్టి నడిమధ్య ఉష్ణోగ్రతా అదుపులో ఉంటుంది. నీటికి తగిలే తలం పెరగడం అదనపు లాభం. ఈ కట్టలు తయారయ్యేది హైదరాబాద్ కేంద్రంగా ఉన్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లోనే. అక్కడ ఉద్యోగం కోరుకునేవారికి ఈ లెక్క ఫ్యాక్టరీలో బయటికొచ్చే వస్తువు ఆకారాన్నే వివరిస్తుంది.

ఇక గ్యాప్. నాలుగు పొరల్లో ఇదే సన్ననిది, నమ్మకం తక్కువైనదీ ఇదే. పైన వాడిన 6,000 ఎక్కడి నుంచి వచ్చింది? చల్లగా ఉన్నప్పుడు గ్యాప్ 4.18కీ 4.10కీ మధ్య తేడా, అంటే 80 మైక్రాన్లు. రియాక్టర్ నడుస్తుంటే పెల్లెట్ వ్యాకోచించి అది సుమారు 45 మైక్రాన్లకు తగ్గిందనుకుందాం. ఆ వేడిలో హీలియం కండక్టివిటీ సుమారు 0.28. దాన్ని 45 మైక్రాన్లతో భాగిస్తే 6,200 వస్తుంది. అంటే 6,000 అన్నది పదార్థానికి పుట్టుకతో వచ్చిన గుణం కాదు, ఆ క్షణాన గ్యాప్ ఎంత ఉందన్న ఊహ మీద నిలబడ్డ అంకె. ఇంధనం మండేకొద్దీ రెండు పరిణామాలు ఎదురెదురుగా నడుస్తాయి. పెల్లెట్ ఉబ్బుతుంది, బయటి నీటి పీడనానికి క్లాడింగ్ మెల్లగా లోపలికి కుంగుతుంది, గ్యాప్ మూసుకుంటుంది, వేడి తేలిగ్గా దాటుతుంది. మరోవైపు విచ్ఛిత్తిలో పుట్టిన జెనాన్, క్రిప్టాన్ వాయువులు పెల్లెట్ నుంచి బయటపడి హీలియంలో కలుస్తాయి. జెనాన్ వేడిని మోసే శక్తి హీలియంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. వాయువు బాగా కలిసి కండక్టెన్స్ 3,000కు పడిపోతే గ్యాప్ దగ్గరి 129 కాస్తా 259 అవుతుంది. దానికి లోపలున్నదంతా 130 డిగ్రీలు పైకి లేస్తుంది. పెల్లెట్ ఇంకా వేడెక్కితే ఇంకా వాయువు వదులుతుంది, గ్యాప్ ఇంకా చెడుతుంది. ఇంధన నిపుణులు జాగ్రత్తగా కనిపెట్టి ఉండే వలయం ఇది.

ఇంటర్వ్యూలో మన రియాక్టర్ల సంగతి వస్తే ఇక్కడ ఒక మెలిక ఉంది. హెవీ వాటర్ రియాక్టర్ కడ్డీల క్లాడింగ్ మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. కూలెంట్ పీడనానికి అది పెల్లెట్ల మీద అతుక్కునేలా కావాలనే అంత పలచగా చేస్తారు. కాబట్టి 80 మైక్రాన్ల గ్యాప్ లెక్కను ఇక్కడికి తెచ్చిపెడితే తప్పు. ఇక్కడ వేడి ఎక్కువగా రెండు తలాలు తాకేచోట దాటుతుంది, గ్యాప్ దగ్గరి పెరుగుదల బాగా తక్కువ. ఆ కడ్డీలు మీటరుకు ఎక్కువ కిలోవాట్లు మోయగలగడానికి ఇదొక కారణం.

పెల్లెట్ కండక్టివిటీని 3గా స్థిరంగా తీసుకోవడం రెండో ఊహ. నిజానికి అది వేడి పెరిగేకొద్దీ బాగా తగ్గుతుంది. ఇంకా మండని ఇంధనానికి విస్తృతంగా వాడే సూత్రం ఒకటుంది, T సెల్సియస్‌లో:

```
k = 3824/(402.4 + T) + 6.1256e-11·(T + 273)^3
```

ఇలాంటప్పుడు సగటు k పెట్టి సరిపుచ్చుకోకుండా, పెల్లెట్ అంచు ఉష్ణోగ్రత నుంచి నడిమధ్య దాకా k ని ఇంటిగ్రేట్ చేసి `q'/(4π)`కి సమానం చేయాలి. మన కడ్డీ అంచు 474 డిగ్రీల దగ్గర మొదలుపెడితే నడిమధ్య సుమారు 917 వస్తుంది. స్థిరమైన k తో వచ్చిన 1,004 కాస్త ఎక్కువ అంచనా అన్నమాట. ఇప్పుడు మిగతావేవీ మార్చకుండా వేడిని మీటరుకు 40 కిలోవాట్లు చేయండి. అంచు సుమారు 648 అవుతుంది, నడిమధ్య 1,830 దాటుతుంది. స్థిరమైన k తో అయితే 1,709 దగ్గరే ఆగేది. అంటే 20 కిలోవాట్ల దగ్గర ఎక్కువ చూపించి భద్రంగా అనిపించిన ఊహే 40 దగ్గర తక్కువ చూపిస్తోంది. వేడి రెట్టింపైతే పెల్లెట్ లోపలి పెరుగుదల రెట్టింపుతో ఆగలేదు, 443 నుంచి 1,180 పైకి, సుమారు రెండున్నర రెట్లు దాటి పోయింది. ఈ రెండు లెక్కలూ కాగితం మీద చేసి చూసినవారు, కడ్డీ సామర్థ్యాన్ని ఎందుకు మీటరుకు కిలోవాట్ల పరిమితితో బిగిస్తారో వేరే చెప్పించుకోనక్కర్లేదు.

గేట్‌లో అంకె కొడితే మార్కు వస్తుంది, ఇంత లోతు ఎందుకని అడగొచ్చు. పరీక్ష వరకైతే స్థిరమైన k చాలు, నిజమే. అయితే పొర పొరగా నడిచే పద్ధతి పరీక్షలోనూ వేగంగానే ఉంటుంది. ప్రశ్నలో గ్యాప్ తీసేసినా, నడిమధ్య రంధ్రం పెట్టినా ఒక్క వరుసే మారుతుంది. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది: ఈ లెక్కలన్నీ ఫ్రాప్‌కాన్ లాంటి ప్రోగ్రాములు చేసేస్తున్నాయి కదా అని. చేస్తున్నాయి, మనకన్నా ఎంతో బాగా. అయితే ఆ ప్రోగ్రాముకు పెల్లెట్, క్లాడింగ్ తలాల గరుకుదనం, మొదట నింపిన హీలియం పీడనం, కడ్డీ పొడవునా వేడి పంపకం ఇచ్చేది మనిషే. వాటిలో ఏ అంకె తప్పుగా ఇచ్చినా అది ఆగకుండా ఫలితం ఇచ్చేయవచ్చు. దాన్ని పక్కన నాలుగు వరుసల చేతిలెక్కతో పోల్చి చూడగలిగినవాడే తేడాను పట్టుకుంటాడు. భద్రతా నివేదికను పరిశీలించే ఇంజినీరు మొదట చేసేది ఇలాంటి సరిపోలికే.

మూడో మాట, అణుశక్తి రంగంలో ఖాళీలు తక్కువ, దీనికోసం ఇంత శ్రమ వృథా కాదా అన్నది. ఖాళీలు తక్కువన్నది కాదనలేం. కానీ లోపల వేడి పుట్టి, రెండు తలాలు కలిసేచోట చిక్కుకుని, పొరలు దాటి బయటికి పోయే వస్తువు కడ్డీ ఒక్కటే కాదు. కరెంటు మోసే కేబుల్‌కు అదే `q'/(4πk)` అలాగే పనికొస్తుంది. రాగికి k చాలా ఎక్కువ కాబట్టి అక్కడ పెల్లెట్ వరుస దాదాపు సున్నా అవుతుంది, పైనున్న ఇన్సులేషన్ వరుస పెద్దదవుతుంది. ఎలక్ట్రిక్ వాహనాల స్తూపాకార లిథియం సెల్‌కూ ఇదే లెక్క, కాకపోతే చుట్టల అడ్డంగా k వేరు, నిలువునా వేరు. ప్రాసెసర్‌కూ దానిపైన బిగించే హీట్ సింక్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్ట్ మన హీలియం గ్యాప్ చేసే పనే చేస్తుంది, అక్కడా ఎక్కువ అనుమానం ఉండేది ఆ పలచని పొర అంకె మీదే. ఈ మూడింటిలో ఒకదాన్ని తీసుకుని పైన చూపిన నాలుగు వరుసల్లో రాసి, ఏ వరుస పెద్దది, ఏ అంకె ఊహ అని గుర్తుపెట్టి చూడండి. బ్యాటరీ కంపెనీ ఇంటర్వ్యూకైనా, ఎన్‌పీసీఐఎల్ ఇంటర్వ్యూకైనా ఆ ఒక్క పేజీ తీసుకెళ్లవచ్చు.