వెలుతురు పెంచొచ్చు, తీగ తీసేయకూడదు

ప్రశ్న: కోరుట్లలో స్ట్రింగర్‌ను. జగిత్యాల రోడ్డుమీద రాత్రి జరిగిన ప్రమాదం ఫొటోకు వెలుతురు పెంచి, అడ్డొచ్చిన కరెంటు తీగ తీసేసి పత్రికకు పంపాను. ఇప్పుడది కోర్టులో కావాలంటున్నారు. చెల్లుతుందా?

జవాబు: వెలుతురు పెంచడం తప్పు కాదు, కంటికి కనిపించినంత మేరకే అయితే. కానీ సిరిసిల్లలో ఆగిపోయిన మరమగ్గాల షెడ్డును, ఉదాహరణకు, కావాలని చీకటి చేసి చూపిస్తే తప్పే. తీగ తీసేయడం మాత్రం వార్తా ఫొటోలో ఒప్పుకోరు. 2006లో బేరూత్ ఫొటోలో పొగను కాపీ చేసి పెంచినందుకు రాయిటర్స్ ఆ ఫొటోగ్రాఫర్‌తో పని మానేసింది, తర్వాత అతని 920 ఫొటోలను వెనక్కి తీసుకుంది. కాబట్టి ముందు మీ ఎడిటర్‌కు ఉన్నది చెప్పండి.

కోర్టుకు మాత్రం అసలు ఫైలే ఇవ్వండి. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం దానికి సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఫైలు హాష్ విలువ రాయాలి. కాస్త వెలుతురు మార్చి సేవ్ చేసినా ఆ విలువ పూర్తిగా మారిపోతుంది. ఏం మారిందో, ఎందుకు మారిందో హాష్ చెప్పదు. వాట్సాప్‌లో ఫొటోగా పంపినా ఫైలు కుదించుకుపోతుంది, తీసిన సమయం వివరాలూ పోతాయి. అందుకే మెమరీ కార్డు చెరపకండి. దిద్దిన కాపీ అడిగితే, ఏం చేశారో రాసి, అసలుతో కలిపి ఇవ్వండి.