కాల్ ధర సున్నా వచ్చిందా? ఆ షీటు ఒకసారి చూద్దాం

సికింద్రాబాద్‌లో ఎంఎంటీఎస్ ఎక్కి హైటెక్ సిటీకి ఇంటర్వ్యూలకు వెళ్లే స్టాటిస్టిక్స్, బీకాం విద్యార్థుల్లో చాలామందికి బ్లాక్-షోల్స్ ఫార్ములా నోటికి వచ్చు. బ్యాంకుల రిస్క్, వాల్యుయేషన్ టీముల్లో పని కావాలంటే అదొక్కటే సరిపోదు. ఎక్సెల్ షీటు ముందు పెట్టి ‘ఒక కాల్ ధర కట్టండి’ అంటే అసలు సంగతి బయటపడుతుంది. బీఎస్సీ చివరి ఏడాదిలో ఉన్న ఒక కుర్రాడు మొన్న నాకు చూపించిన షీటులో కాల్ ధర సరిగ్గా సున్నా వచ్చింది. గంటసేపు వెతికినా తప్పు దొరకలేదట.

లెక్క ఇదీ. నిఫ్టీ 24,000 దగ్గర ఉందనుకుందాం. స్ట్రైక్ 24,500, ఎక్స్‌పైరీకి 30 రోజులు. వడ్డీ ఏడాదికి 6.5 శాతం, వొలటాలిటీ 13 శాతం. గడువునాడు నిఫ్టీ 24,500 దాటితే దాటినంత డబ్బు చేతికొస్తుంది, దాటకపోతే ఏమీ రాదు. నిఫ్టీ ఆప్షన్లు యూరోపియన్ తరహావి. అంటే గడువుకు ముందు హక్కు వాడుకోవడం ఉండదు. 1973లో ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ ప్రచురించిన ఫార్ములా సరిగ్గా ఇలాంటి ఆప్షన్ కోసమే. డివిడెండ్ల సంగతి ఇక్కడ పక్కన పెడదాం.

```
d1 = [ln(S/K) + (r + σ²/2)·T] / (σ·√T)
d2 = d1 − σ·√T
C  = S·N(d1) − K·e^(−rT)·N(d2)
```

T అంటే 30/365, అంటే 0.0822. ఇక్కడ 30 అని వేసేవాళ్లూ ఉన్నారు. వడ్డీ, వొలటాలిటీ ఏడాది లెక్కలో ఉన్నప్పుడు కాలమూ ఏడాదిలోనే ఉండాలి. σ√T విలువ 0.03727. దాన్నిబట్టి d1 = −0.3913, d2 = −0.4285. నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌లో ఈ విలువలకు ఎడమవైపున్న వైశాల్యాలు 0.3478, 0.3341. స్ట్రైక్‌ను వడ్డీతో ఈ రోజుకు తెస్తే 24,369. పూర్తి దశాంశాలతో గుణించి తీసేస్తే కాల్ ధర సుమారు 205 రూపాయలు.

మరి కుర్రాడికి సున్నా ఎందుకొచ్చింది? అతను `NORM.S.DIST(d1,FALSE)` అని రాశాడు, d2కూ అలాగే. FALSE అంటే ఎక్సెల్ వైశాల్యం ఇవ్వదు, ఆ బిందువు దగ్గర గంట ఆకారపు గీత ఎత్తు ఇస్తుంది. d1 దగ్గర అది 0.3695. అసలు విలువ 0.3478కి దగ్గరగానే ఉంది కాబట్టి అనుమానం రాదు. అయితే ఆ ఎత్తులతో గుణిస్తే ఫార్ములాలోని రెండు పదాలూ ఎప్పుడూ సమానమవుతాయి. అది బీజగణితంతోనే రుజువవుతుంది, ఏ అంకెలు వేసినా తప్పదు. కనుక ధర సున్నా కనిపిస్తే ముందు ఆ TRUE, FALSE చూడండి.

పరీక్ష హాల్లో టేబుల్ వాడేవాళ్లకు ఇంకో గుంట ఉంది. d1ను −0.39కి, d2ను −0.43కి కుదిస్తే ధర 229 దాకా పోతుంది. రెండో దశాంశం దగ్గర చేసిన చిన్న సవరణకు 24 రూపాయల తేడా! రెండు పెద్ద సంఖ్యల మధ్య చిన్న తేడా తీస్తున్నాం కదా, అందుకే. టేబుల్‌లో పక్కపక్క విలువల మధ్య అంతరాన్ని పంచి వేసుకోవాలి.

ఇక డెల్టా. కాల్‌కు అది N(d1)యే, ఇక్కడ 0.348. నిఫ్టీ 100 పాయింట్లు పెరిగితే ఆప్షన్ సుమారు 35 రూపాయలు పెరగాలి. లెక్క మళ్లీ కడితే 37 వస్తుంది, ఫర్వాలేదు. కానీ ఒక్కసారిగా 500 పాయింట్లు పెరిగితే డెల్టా చెప్పేది 174, నిజంగా పెరిగేది 228. నిఫ్టీ కదిలేకొద్దీ డెల్టా కూడా మారుతుంది, 24,500 దగ్గర అది 0.56 అవుతుంది. కాబట్టి వంద యూనిట్ల కాల్ అమ్మి, రక్షణగా 35 యూనిట్ల నిఫ్టీ ఫ్యూచర్స్ కొన్న డెస్క్ అక్కడితో నిశ్చింతగా కూర్చోలేదు. 24,500 దగ్గర ఆ 35ను 56 చేయాలి.

ఇంటర్వ్యూలో తరచూ పడగొట్టే ప్రశ్న: ‘డెల్టా అంటే ఆప్షన్ లాభంలో ముగిసే అవకాశమా?’ మన ఉదాహరణలో N(d2) 33.4 శాతం, డెల్టా 34.8. దగ్గరగా ఉన్నాయి కాబట్టి ఔననిపిస్తుంది. స్ట్రైక్ దాటే అవకాశం మాత్రం N(d2), అదీ ఫార్ములా ఊహించుకున్న రిస్క్-న్యూట్రల్ ప్రపంచంలో. ఏడాది గడువు, 40 శాతం వొలటాలిటీ ఉన్న షేరుకు స్పాట్ దగ్గరే స్ట్రైక్ పెట్టి, అదే వడ్డీతో కట్టి చూడండి. డెల్టా 0.64 వస్తుంది, స్ట్రైక్ దాటే అవకాశం 48.5 శాతమే. షేరు పైకి పోయినప్పుడు చాలా దూరం పోవచ్చు. ఆ దూరం డెల్టాలో బరువుగా చేరుతుంది. అవకాశం లెక్కలో మాత్రం ఒక్క రూపాయి దాటినా, వెయ్యి దాటినా ఒక్కటే.