ట్రిమ్మర్ ఫొటో కాదు, దాని మీది నంబరు పంపండి

ట్రిమ్మర్ బ్లేడు మొద్దుబారగానే చాలామంది ముందువైపు ఒక ఫొటో తీసి, ‘దీనికి బ్లేడు దొరుకుతుందా?’ అని షాపుకి పంపేస్తారు. ఆ ఫొటోలో కనిపించేది రంగు, ఆకారం, కంపెనీ పేరు. ఈ మూడూ ఒకటే అయినా, బ్లేడు బిగించే తీరు వేరుగా ఉండే మోడళ్లు చాలా ఉంటాయి. సరైన బ్లేడు కావాలంటే మీ కన్ను వెళ్లాల్సింది వెనక్కి, అడుక్కి.

మూడు ఫొటోలు చాలు

మొదటిది మోడల్ నంబరు ఉన్న చోటు. అది సాధారణంగా పిడి వెనుకనో, అడుగునో చిన్న అక్షరాల్లో ఉంటుంది. కొన్నింటిలో బ్లేడు తల ఊడదీస్తే లోపల కనిపిస్తుంది. రెండోది, ఊడదీసిన బ్లేడు వెనుక వైపు. మూడోది, బ్లేడు తీసేశాక మిషన్ మీద మిగిలిన ఖాళీ చోటు. బ్లేడు స్క్రూలతో బిగుస్తుందా, నొక్కితే పట్టుకుంటుందా, కదిలే బ్లేడు ఏ పుల్లకు తగులుకుంటుంది అన్నది ఈ చివరి రెండు ఫొటోలే చెబుతాయి.

ఫ్లాష్ వేయకండి. నున్నటి ప్లాస్టిక్ మీద వెలుగు నేరుగా పడితే చెక్కిన అక్షరాలు మాయమవుతాయి. టార్చిని పక్క నుంచి ఏటవాలుగా పట్టుకుంటే ప్రతి అక్షరానికీ నీడ పడి చదవడానికి వీలవుతుంది. అప్పటికీ కనిపించకపోతే వేలితో కాస్త టాల్కం పౌడరు రాసి పైపైన తుడవండి. గాడుల్లో పౌడరు నిలిచి నంబరు తెల్లగా తేలుతుంది. చదివేటప్పుడు 8ని B అనో, 0ని O అనో పొరబడటం మామూలే కాబట్టి, అనుమానం ఉన్న అక్షరాన్ని రెండు విధాలుగానూ వెతకండి.

కనిపించిన ప్రతి నంబరూ మోడల్ కాదు

తొందరపడేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ఛార్జర్ మీద కూడా నంబర్లుంటాయి. ఫిలిప్స్ ఛార్జర్ మీద HQ8505 అని ఉంటే అది ఛార్జర్ పేరే, ట్రిమ్మర్ పేరు కాదు. మన దేశంలో అమ్మే అడాప్టర్ల మీద R- అని మొదలయ్యే నంబరు మరొకటి ఉంటుంది. అది ప్రమాణాల రిజిస్ట్రేషన్ నంబరు, దాంతో బ్లేడు దొరకదు. పిడి మీద ఉన్న నంబరునే నమ్మండి. ఫిలిప్స్ మోడల్‌కి చివర గీత పెట్టి రెండంకెలు వేస్తారు. QP2525/10లో /10 అలాంటిదే. అది ఏ దేశానికి, ఏ ప్యాకింగ్‌లో వచ్చిందో చెప్పే గుర్తు. బ్లేడు వెతికేటప్పుడు ముందున్న QP2525 సరిపోతుంది.

ఒక ఫొటో, రెండు జవాబులు

ఇలా అనుకోండి. వరంగల్‌లో ఉండే మేనల్లుడు కర్నూలులో ఎలక్ట్రికల్ షాపు నడిపే మామయ్యకు ఆకుపచ్చ, నలుపు రంగుల ట్రిమ్మర్ ఫొటో పంపాడు. ‘‘మామయ్యా, ఇది ఫిలిప్స్ వన్‌బ్లేడ్. బ్లేడు, దువ్వెన రెండూ కావాలి’’ అన్నాడు. మామయ్య, ‘‘పేరు సరేరా, పిడి వెనక నంబరు చదివి చెప్పు’’ అన్నాడు. నంబరు QP2525.

బ్లేడు సంగతి సులువుగా తేలింది. వన్‌బ్లేడ్ మార్పిడి బ్లేడు ఆ కుటుంబంలోని పిడులన్నిటికీ పడుతుంది. QP210 ప్యాకెట్‌లో ఒకటి, QP220లో రెండు ఉంటాయి. దువ్వెన దగ్గరే చిక్కు. QP2525కి వచ్చే దువ్వెనలు చిన్నవి, నేరుగా బ్లేడుకే తగులుకుంటాయి. ఒక్కో దువ్వెనకు ఒక్కటే పొడవు. మేనల్లుడు ఆన్‌లైన్‌లో చూసి ముచ్చటపడింది 14 పొడవులు మార్చుకోగల దువ్వెనను. అది QP6520 లాంటి ప్రో మోడల్‌ది. అది పట్టుకునేది బ్లేడును కాదు, పిడిని. QP2525 పిడికి ఆ పట్టు లేదు. అదే కంపెనీ, అదే బ్లేడు, అయినా దువ్వెన వేరు. కాబట్టి బ్లేడుకు దొరికిన జవాబునే దువ్వెనకూ వర్తింపజేయకండి. ప్రతి విడి భాగాన్నీ నంబరుతో విడిగా సరిచూసుకోండి.

నంబరు చెరిగిపోతే

సెలూన్ క్లిప్పర్ల మీద నంబరు చేతి చెమటకూ నూనెకూ అరిగిపోతుంది. అప్పుడు కొలతే దిక్కు. బ్లేడు పక్కన స్కేలు పెట్టండి. రెండూ ఒకే ఎత్తులో ఉండాలి, ఫోను సరిగ్గా పైనుంచి చూడాలి. మరీ దగ్గరికి పెడితే అంచులు వంగి కనిపిస్తాయి, కాస్త వెనక్కి జరిగి జూమ్ చేయండి. కొలవాల్సినవి రెండు: బ్లేడు వెడల్పు, స్క్రూ చిల్లుల మధ్య దూరం. చిల్లుల దూరాన్ని ఒక చిల్లు మధ్య నుంచి రెండో చిల్లు మధ్య వరకు చూడాలి. ఈ రెండు కొలతలూ కలిసినా, కదిలే బ్లేడు తగులుకునే చోటు కలవకపోతే ఆ బ్లేడు వద్దు.

సరైన బ్లేడే వచ్చినా బిగింపు తప్పితే చర్మం తెగుతుంది. వాల్ లాంటి రెండు స్క్రూల క్లిప్పర్లలో కదిలే బ్లేడు పళ్ల కొనలు, కదలని బ్లేడు కొనల కంటే సుమారు 0.8 మిల్లీమీటర్లు వెనకుండాలి. రెండూ సమానంగా ఉన్నా, కదిలేది ముందుకొచ్చినా స్క్రూలు వదులు చేసి సరిచేయండి. తర్వాత ఒక చుక్క క్లిప్పర్ నూనె వేసి, కాసేపు ఖాళీగా తిప్పి చూడండి. కీచుమన్నా, వెంట్రుకను లాగినా మళ్లీ విప్పాల్సిందే.

డ్రయర్ నాజిల్‌కి దారం చాలు

డ్రయర్ నాజిల్‌కి కూడా ట్రిమ్మర్‌కు లాగే మోడల్ నంబరు కావాలి, దాంతో పాటు మూతి కొలతా కావాలి. మూతి బయటి అంచు చుట్టూ కాగితపు పట్టీనో దారాన్నో చుట్టి పొడవు కొలవండి. 147 మిల్లీమీటర్లు వస్తే 3.14తో భాగించండి. దాదాపు 47 వస్తుంది. లోపలి వ్యాసం అంతే ఉన్న నాజిల్ కావాలి. తర్వాత పట్టు తీరు చూడండి: నొక్కితే కూర్చునేదా, తిప్పితే పడే గాడి ఉందా, డైసన్ సూపర్‌సోనిక్‌లా అయస్కాంతంతో అంటుకునేదా? అయస్కాంతపు మూతికి మామూలు ప్లాస్టిక్ నాజిల్ నిలవదు.

బలవంతంగా దూర్చిన, మరీ సన్నటి నాజిల్ గాలిని ఆపుతుంది. గాలి తగ్గితే లోపలి తీగ వేడెక్కి, రక్షణ స్విచ్ డ్రయర్‌ను ఆపేస్తుంది, చల్లారాక మళ్లీ నడుస్తుంది. కొత్త నాజిల్ పెట్టినప్పటి నుంచే ఇలా జరుగుతుంటే ముందు నాజిల్ తీసి చూడండి. తీయగానే మామూలైతే తప్పు నాజిల్‌ది. తీసినా ఆగిపోతుంటే వెనక జాలీలో పేరుకున్న వెంట్రుకలూ దుమ్మూ చూడండి. శుభ్రం చేశాకా ఆగిపోతుంటే వాడటం ఆపి మెకానిక్‌కు చూపించండి.

డబ్బు కట్టే ముందు అడిగే ప్రశ్న కూడా మార్చుకోండి. ‘ఇది సరిపోతుందా?’ అంటే ‘సరిపోతుందండీ’ అనడం ఏ షాపతనికైనా సులువే. ‘ఈ ప్యాకెట్ మీద QP2525 అని గానీ, వన్‌బ్లేడ్ పిడులన్నిటికీ పడుతుందని గానీ రాసి ఉందా? ఉంటే ఆ చోటు ఫొటో తీసి పంపండి’ అనండి. ఆ ఫొటో రాకపోతే కొనకండి.