మరపునకు ముందే పరీక్ష

జ్ఞాపకశక్తిని గూర్చిన పరిశోధనలలో మమ్ము మిక్కిలి ఆకర్షించినది 1939లో హెర్బర్ట్ స్పిట్జర్ ప్రకటించినది. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఆరవ తరగతి పిల్లలు 3,605 మంది ఒక చిన్న వ్యాసాన్ని చదివారు. తొలి పరీక్షను కొందరికి వెంటనే, కొందరికి మరునాడు, మరికొందరికి వారాల తరువాత పెట్టారు. ఒక బృందానికైతే 63వ రోజు వరకు పరీక్షే లేదు. ముందుగా వ్రాసినవారికి మూడు వారాలైనా పాఠం ఎక్కువగా జ్ఞప్తియందున్నది. ఆలస్యంగా వ్రాసినవారు అప్పటికే చాలా మరచిపోయారు. ఆ పరీక్ష నిలుపగలిగినది మిగిలిన కొద్దిపాటినే.

కనుక ఎడం ఉండాలి, కాని తొలి మననం త్వరగా జరగాలి. సోమవారంనాటి పాఠాన్ని ఆ రాత్రే పుస్తకం మూసి వ్రాసి, తప్పులు దిద్దుకొని, వారానికి మరల వ్రాయవచ్చును. అప్పుడు సగమైనా స్ఫురించకున్నచో, మా ఉద్దేశంలో, ఎడాన్ని మూడు రోజులకు తగ్గించుకోవాలి.