భుజాలు పట్టి పైకి లేపి చూడండి

శ్రీకాకుళం నుంచి అండమాన్‌కి చుట్టాలొచ్చారంటే మర్నాడే నార్త్ బేకి బోటెక్కాల్సిందే. అందుకని ముందు రోజు రాత్రే లంబాలైన్‌లోని మా ఇంట్లో టైలరు టేపు, బరువు తూచే మిషను బయటికి తీస్తాను. జెట్టీ దగ్గర బోటు కదిలే హడావిడిలో కొలతలు తీసుకునే తీరిక ఉండదు. ఎవరి చేతికి ఏ లైఫ్ జాకెట్ వస్తే అది తగిలించుకుని కూర్చుంటారు.

మొన్న అక్క, బావ, ఎనిమిదేళ్ళ మేనల్లుడు వచ్చారు. పెద్దవాళ్ళకి ఛాతీ కొలిచాను. చంకల కిందుగా, ఛాతీ బాగా వెడల్పుగా ఉన్నచోట, బోటెక్కేటప్పుడు వేసుకునే బట్టల మీదే టేపు చుట్టాలి. బావకి 104 సెంటీమీటర్లు, అక్కకి 92 వచ్చింది. పిల్లాణ్ణి మాత్రం తూచాను. 24 కిలోలు.

“నేను 85 కిలోలున్నాను, ఈ చిన్న స్పాంజి ముక్కలు నన్ను మోస్తాయా?” అని మర్నాడు జెట్టీ దగ్గర జాకెట్ చూసి బావ అడిగాడు. అందరికీ వచ్చే సందేహమే ఇది. మన ఒంటి బరువులో చాలా భాగాన్ని నీళ్ళే మోస్తాయి. తల పైకి ఉండడానికి చాలామంది పెద్దవాళ్ళకి ఇంకో మూడు నుంచి ఐదు కిలోల ఎత్తుడు చాలు. లేబుల్ మీద 100 న్యూటన్లు అని ఉంటే ఆ జాకెట్ సుమారు 10 కిలోలు పైకి ఎత్తుతుందని అర్థం. కాబట్టి పెద్దవాళ్ళ విషయంలో అసలు చూడాల్సింది జాకెట్ ఒంటిని పట్టుకుని ఉంటుందా లేదా అన్నది. అది తేల్చేది ఛాతీ కొలత. పిల్లల సంగతి వేరు. ఒంటితో పోలిస్తే వాళ్ళ తల బరువు ఎక్కువ. అందుకే వాళ్ళ జాకెట్లు బరువును బట్టి తయారవుతాయి. జాకెట్ లోపలి వైపు లేబుల్ మీద ఎన్ని కిలోల నుంచి ఎన్ని కిలోల దాకా అని రాసి ఉంటుంది. కంపెనీని బట్టి ఆ అంకెలు మారతాయి కాబట్టి వయసు చెప్పి అడగకండి, లేబుల్ చదవండి. పెద్దల జాకెట్లు మామూలుగా 40 కిలోలు దాటినవాళ్ళకే.

తొడిగాక జిప్పు వేసి, బెల్టులు కింద నుంచి పైకి ఒక్కొక్కటే బిగించండి. చీర కట్టుకున్నవాళ్ళు పైట కుచ్చెళ్ళను జాకెట్ కింద ఉంచితే మొదట బిగుతుగానే అనిపిస్తుంది. పైట జారగానే ఆ మేరకు జాకెట్ వదులైపోతుంది. పైటను బొడ్లో దోపుకుని, ఆ తర్వాత బిగించాలి. రెండు కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్న జాకెట్ అయితే ఆ రోజుకి చుడీదారే నయం.

ఇప్పుడు అసలు పరీక్ష. మనిషి నిలబడి రెండు చేతులూ పైకెత్తాలి. ఇంకొకరు వెనక నిలబడి, జాకెట్‌ను రెండు భుజాల దగ్గర పట్టుకుని గట్టిగా పైకి లాగాలి. నీళ్ళలో జాకెట్ పైకి తేలుతుంది, ఒళ్ళు కిందికి దిగుతుంది. భుజాల దగ్గర లాగినప్పుడు మన చేతులు చేసేదీ అదే పని. జాకెట్ కొంచెం కదిలి ఆగిపోతే సరిపోయినట్టే. గడ్డం దాటి నోటిదాకా, చెవులదాకా వచ్చేస్తే వదులుగా ఉందన్నమాట. బెల్టులు మళ్ళీ బిగించి ఇంకోసారి లాగండి. బెల్టులో బిగించడానికి ఇంకేమీ మిగలకపోయినా పైకి వస్తోందంటే ఆ సైజు పనికిరాదు, చిన్నది అడగండి.

మేనల్లుడికి మొదట ఇచ్చింది పెద్దల జాకెట్. అన్ని బెల్టులూ చివరిదాకా లాగాను. చూడ్డానికి బాగానే ఉంది. భుజాలు పట్టి లేపేసరికి వాడి ముక్కు లోపలికి వెళ్ళిపోయి కళ్ళు మాత్రమే కనిపించాయి. అక్క మొహం పాలిపోయింది. పిల్లల జాకెట్ తెప్పించి, కాళ్ళ మధ్య పట్టీ కూడా బిగించి మళ్ళీ లేపాను. ఈసారి జాకెట్‌తోపాటు పిల్లాడి మడమలు కూడా నేల మీద నుంచి లేచాయి. గడ్డం లోపలికి జారలేదు.

బావది ఇంకో రకం ఇబ్బంది. నిలబడితే సరిపోయింది, కూర్చుంటే పొట్ట తోసి జాకెట్ గడ్డానికి తగిలింది. కింది బెల్టును పొట్ట మీద కాకుండా దానికి పైన, పక్కటెముకల మీద బిగించాక కుదురుకుంది. బోటులో ఉండేది కూర్చునే కాబట్టి కూర్చోబెట్టి కూడా చూడాలి. గట్టిగా ఊపిరి పీల్చగలుగుతున్నారో లేదో కూడా అప్పుడే అడగండి. పీల్చలేకపోతే పెద్ద సైజు కావాలి.

ఉక్కపోతకి మధ్యలో బెల్టులు వదులు చేసేవాళ్ళుంటారు, మొత్తం తీసేసేవాళ్ళూ ఉంటారు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగినప్పుడు చాలామంది ఒంటి మీద జాకెట్లు లేవని బతికి బయటపడ్డవాళ్ళు చెప్పారు. మా బావ కూడా బోటు జెట్టీ దాటకముందే పైబెల్టు మీద చెయ్యేశాడు. అక్క ఆ చెయ్యి తీయించింది.

నార్త్ బేలో నీళ్ళలో ఆడి, తడిబట్టలు మార్చుకుని తిరిగి బోటెక్కేటప్పుడు పొద్దున బిగించిన కొలతలు ఇక పనికిరావు. చేతికిచ్చే జాకెట్ కూడా అదే కాకపోవచ్చు. లేబుల్ చూసి, బెల్టులు బిగించి, ముందు పిల్లాణ్ణి, తర్వాత అక్కనీ బావనీ మళ్ళీ భుజాలు పట్టి లేపాను. చివర్లో బావ నా వెనక నిలబడి నా జాకెట్‌నూ లాగి చూశాడు.