అర్ధాయువు చెప్పే గుట్టు: చర్యా క్రమాంకాన్ని గీతలతో పట్టడం

కోల్‌కతాలోని సైక్లోన్-30 అనే వైద్య సైక్లోట్రాన్ 2018 సెప్టెంబరులో పనిచేయడం మొదలుపెట్టింది. వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ సెంటర్ ఆధ్వర్యంలోని ఈ యంత్రం నుంచి వచ్చే ప్రోటాన్లతో ఫ్లోరిన్-18ను తయారు చేయవచ్చు. క్యాన్సర్ నిర్ధారణకు చేసే పెట్ స్కాన్‌లో వాడే ఎఫ్‌డీజీ మందుకు ఇదే ఆధారం. చిక్కు ఏమిటంటే, దీని అర్ధాయువు దాదాపు 110 నిమిషాలే. తయారైన మందు 220 నిమిషాల తర్వాత రోగికి ఎక్కాలంటే, బయల్దేరేటప్పుడు అవసరానికి నాలుగు రెట్లు ఉండాలి.

ఈ లెక్క ఇంత సులువుగా కుదరడానికి కారణం ఒకటుంది. ఎంత మందు ఉన్నా, సగమవడానికి పట్టే సమయం మారదు. సీసాలో 100 పాళ్లున్నా, 1 పాలే ఉన్నా 110 నిమిషాలే. కేంద్రక క్షయం రసాయన చర్య కాదు కానీ, రెండింటికీ వర్తించే గణితం ఒకటే. ఇది ప్రథమ క్రమాంకం లక్షణం. మిగతా క్రమాంకాల్లో అర్ధాయువు ఇలా స్థిరంగా ఉండదు.

రక్తంలోని ఆల్కహాల్‌ను చూద్దాం. కాలేయంలోని ఎంజైము పూర్తిగా నిండిపోయి ఉన్నంతసేపు, 100 మిల్లీలీటర్ల రక్తంలో గంటకు సుమారు 15 మిల్లీగ్రాములే తగ్గుతుంది. 90 నుంచి 45కు రావడానికి 3 గంటలు, 45 నుంచి 22.5కు గంటన్నర. అంటే అర్ధాయువు తగ్గుతూ పోతుంది. ఇది శూన్య క్రమాంకం. అయితే గాఢత బాగా పడిపోయాక ఎంజైముకు ఖాళీ దొరుకుతుంది, ఈ సూత్రం చెల్లదు. శూన్య క్రమాంకం ఎప్పుడూ ఇలా ఒక హద్దు వరకే నిలుస్తుంది.

సమయం t తర్వాత ఎంత మిగులుతుందో చెప్పేవే సమాకలన రేటు సమీకరణాలు:

శూన్య: [A] = [A]₀ − kt, అర్ధాయువు [A]₀/2k
ప్రథమ: ln[A] = ln[A]₀ − kt, అర్ధాయువు 0.693/k
ద్వితీయ: 1/[A] = 1/[A]₀ + kt, అర్ధాయువు 1/(k[A]₀)

మూడూ సరళరేఖ సమీకరణాలే. నిలువు అక్షం మీద గాఢతనా, దాని సహజ సంవర్గమానాన్నా, దాని విలోమాన్నా, దేన్ని ఉంచితే గీత తిన్నగా వస్తుందో అదే చర్యా క్రమాంకాన్ని చెబుతుంది. వాలు నుంచి k దొరుకుతుంది.

పాఠ్యపుస్తకాల్లో తరచూ కనిపించే ఉదాహరణ ఒకటి: 300 డిగ్రీల సెల్సియస్ వద్ద నైట్రోజన్ డయాక్సైడ్ విడిపోవడం. లీటరుకు 0.0100 మోల్‌తో మొదలైన గాఢత 50 సెకన్లకు 0.00787, 100కు 0.00649, 200కు 0.00481, 300కు 0.00380 అవుతుంది. ఏ క్రమాంకం?

మొదట సంవర్గమానాలు వేసి చూద్దాం. తొలి 100 సెకన్లలో విలువ 0.43 తగ్గింది, తర్వాతి 100లో 0.30, ఆ తర్వాత 0.24. తగ్గుదల మందగిస్తోంది కాబట్టి గీత వంగుతుంది. ప్రథమ క్రమాంకం కాదు. ఇప్పుడు విలోమాలు: 100, 127, 154, 208, 263. ప్రతి 100 సెకన్లకూ 54 లేదా 55 పెరుగుతోంది. ఇదే తిన్నని గీత. ద్వితీయ క్రమాంకం, k విలువ దాదాపు 0.54. మొదటి అర్ధాయువు 185 సెకన్లు, రెండోది దానికి రెట్టింపు, 370.

ఇక్కడే చాలామంది తడబడతారు. పై ప్రయోగాన్ని 50 సెకన్లకే ఆపేసి ఉంటే? అప్పటికి అయిదో వంతు పదార్థమే విడిపోయింది. అంత చిన్న ముక్కలో ఏ వక్రమైనా తిన్నగానే కనిపిస్తుంది. కొలతల్లో కొద్దిపాటి పొరపాటు ఉంటే చాలు, మూడు గీతల్లోనూ ఏది నిజమో తేలదు. అందుకే కనీసం రెండు మూడు అర్ధాయువుల వరకు చర్యను వెంబడించాలి.

మరీ చివరిదాకా వెళ్లినా ఇబ్బందే. గాఢత బాగా తగ్గాక చిన్న దోషం కూడా విలోమంలో పెద్దదై కూర్చుంటుంది. ఫ్లోరిన్-18లో ఇది మరోలా కనిపిస్తుంది. గదిలో ఎప్పుడూ ఉండే నేపథ్య వికిరణాన్ని లెక్కలోంచి తీసేయకపోతే, తిన్నగా దిగాల్సిన సంవర్గమాన గీత చివర్లో చదునవుతుంది. అది చూసి క్రమాంకం మారిందనుకుంటే తప్పు; అక్కడ కనిపిస్తున్నది ఫ్లోరిన్ కాదు, గది.

ఇంకో మెలిక నీటిలో జరిగే చర్యల్లో ఉంది. ఆమ్ల సమక్షంలో చక్కెర విడిపోవడానికి నీరు కూడా కావాలి. కానీ నీరు అపారంగా ఉండటంతో దాని గాఢత దాదాపు మారదు. అందువల్ల చక్కెర సంవర్గమాన గీత చక్కగా తిన్నగా వస్తుంది. ఇలాంటివి మిథ్యా ప్రథమ క్రమాంక చర్యలు. నీటి పాత్ర ఆ గీతలో ఎక్కడా కనిపించదు, k లోపల దాగి ఉంటుంది.